రాజీనామా రాయమన్నారా? సంతకానికి ముందు ఒక రాత్రి, ఆ తర్వాత ఎనిమిది నెలల లెక్క

ఉద్యోగం పోయిందని చెప్పగానే "ఏం కాదులే, ఇంతకన్నా మంచిది వస్తుంది" అనేవాళ్లు చాలామంది దొరుకుతారు. వస్తుందో రాదో, వస్తే ఎప్పుడొస్తుందో వాళ్లకూ తెలియదు. అందుకే ఆ మాట ఇక్కడ అనడం లేదు. నిన్న సాయంత్రం హెచ్ఆర్ వాళ్లు పిలిచి, ఇరవై నిమిషాల్లో విషయం తేల్చేసి, "మీరే రాజీనామా పెట్టేస్తే అందరికీ మంచిది" అన్నారు కదా. ఆ ఒక్క వాక్యంలో ఎంత డబ్బుందో, చేతికొచ్చే డబ్బుతో ఇల్లు ఏ నెల దాకా నడుస్తుందో చూద్దాం. తెలియని చోట భయం ఎక్కువ. లెక్క కట్టాక కూడా భయం ఉంటుంది గానీ, దానికో తేదీ ఉంటుంది.

ఇది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. బెంగళూరు, చెన్నై, విశాఖలో ఉన్నా చాలావరకు ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే ఇందులో చెప్పేవి కేంద్ర చట్టాలు.

ముందు ఆ రాజీనామా సంగతి. కంపెనీ తనంతట తాను, శిక్షగా కాకుండా మనిషిని తీసేస్తే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో దీనికి షరతులుండేవి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ప్రధానమైనవి అలాగే ఉన్నాయి. ఏడాది సర్వీసు నిండిన వర్కర్‌ను తీసేయాలంటే కారణం చెబుతూ నెల రోజుల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. మామూలుగా ఆ విభాగంలో చివర చేరినవాళ్లను ముందు తీసేయాలి, అలా చేయకపోతే ఎందుకో రాసిపెట్టాలి. కొత్త కోడ్‌లో ఇంకొకటి కలిసింది: తీసేసిన వర్కర్ కోసం రీస్కిల్లింగ్ నిధికి కంపెనీ మరో పదిహేను రోజుల వేతనం జమచేయాలి, అది 45 రోజుల్లో ఆ మనిషి ఖాతాకు చేరాలి.

నువ్వే రాజీనామా చేశావనుకో, ఇవేవీ ఉండవు. నువ్వు వెళ్లిపోయావు, వాళ్లు తీసేయలేదు. "మీ రికార్డు క్లీన్‌గా ఉంటుంది" అని వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది, రిలీవింగ్ లెటర్‌లో "రిజైన్డ్" అని పడుతుంది. కానీ ఆ క్లీన్ రికార్డు నీకంటే వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. ఈ రక్షణ "వర్కర్" అన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. సాంకేతికమైన పని చేసేవాళ్లు అందులో ఉన్నారు. ప్రధానంగా మేనేజర్, పరిపాలన పనులు చేసేవాళ్లు లేరు. పర్యవేక్షణ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటి తీసుకునేవాళ్లూ లేరు. కోర్టు చూసేది విజిటింగ్ కార్డు మీది హోదాను కాదు, రోజూ చేసే పనిని. "లీడ్" అని పేరున్నా రోజంతా కోడ్ రాసి, టెస్టులు నడిపి, టికెట్లు మూసేవాడు వర్కర్ కావచ్చు. నలుగురికి అప్రైజల్స్ ఇచ్చి, సెలవులు మంజూరు చేసి, మనుషుల్ని తీసుకునేవాడు కాకపోవచ్చు. ఆ రెండో రకం వాళ్లకు దారి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న షరతులే. అందులో నోటీసు పీరియడ్ రెండు నెలలని ఉంటే రెండు నెలలు, మూడని ఉంటే మూడు.

కేసు వేయమని చెప్పడానికి ఇదంతా కాదు. లేబర్ ఆఫీసు, ఆపైన ట్రిబ్యునల్ అంటే నెలలూ ఏళ్లూ పడుతుంది, చాలామంది అంత దూరం వెళ్లరు. "బలవంతంగా రాయించారు" అని నిరూపించే భారం కూడా సంతకం పెట్టిన మనిషి మీదే పడుతుంది. ఇది తెలుసుకోవాల్సింది బేరం కోసం. వాళ్లు నీ దగ్గర కొంటున్న వస్తువు ఒకటుంది, దానికో ధర ఉంది.

ఆ ధర ఎంతో ఒక లెక్కలో చూద్దాం. నెలకు మొత్తం జీతం 1,20,000, అందులో బేసిక్ 60,000, సర్వీసు ఆరేళ్ల ఏడు నెలలు అనుకుందాం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి ఏడేళ్లు. పదిహేను రోజుల వేతనం అంటే ఉరామరికగా 30,000. ఏడుతో గుణిస్తే 2,10,000. ఇది గ్రాట్యుటీ కాదు, నోటీసు జీతం కాదు, వాటికి అదనం. వర్కర్ నిర్వచనంలోకి వచ్చే మనిషి ఆ గదిలో గమ్మున సంతకం పెట్టి బయటికొస్తే అక్కడ వదిలేసి వచ్చేది ఇది.

కాబట్టి గదిలో సంతకం పెట్టకు. "చదివి రేపు చెబుతాను, వివరాలన్నీ మెయిల్‌లో పంపండి" అను. గొంతు పెంచక్కర్లేదు. "ఈ రోజే పెట్టాలి, లేకపోతే టర్మినేట్ చేస్తాం" అంటే ఆ మాట కూడా మెయిల్‌లో పంపమను. చాలాసార్లు అది మెయిల్‌లోకి రాదు. రాకపోవడమే నీకొక సమాచారం.

ఆ రాత్రి చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, ఇది ఆలస్యమైతే మళ్లీ దొరకదు. లాగిన్ ఎప్పుడు తీసేస్తారో తెలియదు, కొన్ని చోట్ల గంటల్లోనే తీసేస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, దొరికినన్ని నెలల పే స్లిప్పులు, ఫారం 16లు, మిగిలిన సెలవులు కనిపించే పేజీ, ఇన్సూరెన్స్ కార్డు, అప్రైజల్ రేటింగులు. ఇవన్నీ నీ కాగితాలు, దాచుకో. అదే ఊపులో ప్రాజెక్టు ఫైళ్లు, కోడ్, క్లయింట్ డాక్యుమెంట్లు మాత్రం ఒక్కటి కూడా వ్యక్తిగత మెయిల్‌కు పంపకు. "పోర్ట్‌ఫోలియోకి పనికొస్తుంది" అనిపిస్తుంది. మర్నాడు ఆ ఒక్క మెయిల్ చూపించి సెటిల్‌మెంట్ మొత్తం ఆపేయొచ్చు.

చివరికి రాజీనామాయే ఇవ్వాలని తేల్చుకుంటే దాన్ని "వ్యక్తిగత కారణాల వల్ల" అని మొదలుపెట్టకు. హెచ్ఆర్ ఇచ్చే నమూనాలో సరిగ్గా ఆ ముక్కే ఉంటుంది. "ఫలానా తేదీన జరిగిన సమావేశంలో కంపెనీ కోరిన మేరకు, అక్కడ అంగీకరించిన చెల్లింపులకు లోబడి రాజీనామా సమర్పిస్తున్నాను" అని రాసి, ఆ కిందే చెల్లింపులన్నీ అంకెలతో పేర్కొను. నోటీసు జీతం ఎన్ని నెలలు, మొత్తం జీతం మీదా బేసిక్ మీదా? మన లెక్కలో రెండు నెలలకు ఈ ఒక్క తేడాయే 2,40,000కూ 1,20,000కూ మధ్య ఉంది. వేరియబుల్ పే చివరి రోజు దాకా లెక్కగట్టి ఇస్తారా? జాయినింగ్ బోనస్ వెనక్కి ఇమ్మనే షరతు ఉంటే వదిలేస్తారా? ఆఖరి పనిదినం ఏది? ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా? బేరం ఆడగలిగేది వీటి మీదే, అది కూడా సంతకానికి ముందే. తర్వాత ఫోన్ చేస్తే "పాలసీ ప్రకారం" అన్న జవాబే వస్తుంది.

ఇప్పుడు ఫుల్ అండ్ ఫైనల్. కొత్త వేతన కోడ్ ప్రకారం తీసేసినా, రాజీనామా చేసినా బకాయి వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నలభై అయిదు రోజులని కంపెనీ చెబితే, అది ఆ కంపెనీ పాత అలవాటు అని గుర్తుపెట్టుకుని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు. గ్రాట్యుటీకి గడువు వేరే, ముప్ఫై రోజులు. దాటితే వడ్డీ కట్టాలి.

గ్రాట్యుటీ రావాలంటే రెగ్యులర్ ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు ఉండాలి. నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు కొత్త కోడ్‌లో ఏడాది చాలు. లెక్క ఇలా: చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో, ఆపై సర్వీసు ఏళ్లతో గుణించాలి. మన ఉదాహరణలో 60,000ను 26తో భాగిస్తే 2,307.69. పదిహేనుతో గుణిస్తే సుమారు 34,615. ఏడేళ్లకు 2,42,308. ఇక్కడ మామూలుగా జరిగే తప్పులు రెండు. ఒకటి, ఏడు నెలల భాగాన్ని వదిలేసి ఆరేళ్లకే కట్టడం, దాంతో 34,615 పోతుంది. రెండోది, 26 బదులు 30తో భాగించడం, అప్పుడు 32,000 పైగా తగ్గుతుంది. షీటు రాగానే క్యాలిక్యులేటర్ తీసి ఈ రెండూ చూడు. బేసిక్‌ను మొత్తం జీతంలో సగం కన్నా బాగా తక్కువ పెట్టిన కంపెనీ అయితే మూడోది కూడా చూడాలి. కొత్త నిర్వచనంలో అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలి.

మిగిలిన సెలవుల డబ్బు సాధారణంగా బేసిక్ మీద ఇస్తారు. 22 రోజులుంటే 60,000ను 30తో భాగించి 22తో గుణిస్తే 44,000. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే ఈ డబ్బుకు ప్రైవేటు ఉద్యోగికి జీవితకాలంలో 25 లక్షల దాకా, గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, చట్టంలోని లెక్కకు లోబడి పన్ను మినహాయింపు ఉంది. కొత్త పన్ను విధానంలో ఉన్నా సరే. నోటీసు జీతం మాత్రం మామూలు జీతమే, దాని మీద పన్ను పడుతుంది. పేరోల్ వాళ్లు హడావిడిలో మొత్తాన్ని కలిపి టీడీఎస్ కోసేయడం కనిపిస్తుంటుంది. అడిగితే సరిచేస్తారు. సరిచేయకపోతే రిటర్న్ వేసినప్పుడు వెనక్కి వస్తుంది గానీ, ఈ నెలల్లో ఆ డబ్బు చేతిలో ఉండటం వేరు.

ఇప్పుడు అందరూ ముందు చేయి పెట్టేది, అందరికన్నా చివర ముట్టుకోవాల్సింది: పీఎఫ్. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ కేంద్ర ట్రస్టీల బోర్డు ఉపసంహరణ నిబంధనలు మార్చాలని నిర్ణయించింది. ఉద్యోగం పోయినప్పుడు నిల్వలో 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగిలిన 25 శాతానికి పన్నెండు నెలలు ఆగాలి. అంతకు ముందు నెలకు 75 శాతం, రెండు నెలలకు మొత్తం అన్నట్టుండేది. అంటే ఆ తలుపు నీకు తెరిచే ఉంటుంది, ఇవాళే దూరాల్సిన పని లేదు. వాడకపోవడానికి కారణాలున్నాయి. అన్ని కంపెనీలదీ కలిపి అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడొచ్చు. పాత కంపెనీ ఖాతాను బదిలీ చేసుకోకుండా వదిలేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, ఎనిమిదేళ్లు పనిచేసినా ఈ ఖాతాలో మూడేళ్లే కనిపిస్తాయి. ముందు బదిలీ పెట్టు, తీయడం సంగతి తర్వాత.

పెన్షన్ భాగం ఇంకా సున్నితం. యాజమాన్యం వాటాలో నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు పెన్షన్ పథకంలోకి వెళ్తాయి. పదేళ్ల సర్వీసు నిండితేనే నెలనెలా పెన్షన్‌కు అర్హత. తొమ్మిదో ఏట ఉద్యోగం పోయినవాళ్లు ఆ కొద్దిపాటి డబ్బు కోసం పెన్షన్ భాగాన్ని కూడా తీసేసుకుంటే ఆ తొమ్మిదేళ్ల లెక్క చెరిగిపోతుంది. మళ్లీ ఉద్యోగంలో చేరితే ఒకటి నుంచి మొదలు. కొత్త కంపెనీలో చేరాక అదే యూఏఎన్ ఇచ్చి, పాత ఖాతా బదిలీ అయిందో లేదో చూసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది.

పీఎఫ్ పోర్టల్‌లో ఒకటి మాత్రం మరిచిపోకు: ఆఖరి పనిదినం నమోదైందా అని. కంపెనీ పెట్టకపోతే, చివరి జమ పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక నువ్వే పెట్టుకోవచ్చు. ఆ తేదీ ఖాళీగా ఉంటే కొత్త కంపెనీ తనిఖీలో నువ్వు ఇంకా పాత చోటే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఆఖరి పనిదినానికి ముందు తేల్చుకోవాల్సిన ఇంకో సంగతి ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా ఆ రోజుతోనే ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలు కూడా ఉంటే వాళ్లది కూడా. కవర్ ఉండగానే అదే బీమా కంపెనీకి రాసి, వ్యక్తిగత పాలసీలోకి మారతానని అడగొచ్చు. దీన్ని మైగ్రేషన్ అంటారు. ఇలా మారితే గ్రూపు పాలసీలో గడిపిన ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో లెక్కలోకి వస్తాయి. అదే పదిహేను రోజులు ఆగి, కొత్తగా పాలసీ కొంటే మొదటి ముప్ఫై రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ కవర్ ఉండదు, ముందే ఉన్న షుగర్, బీపీ లాంటి వాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అరవై దాటిన నాన్నగారికి ఈ తేడా చిన్నది కాదు. బీమా కంపెనీ ఒప్పుకుంటుందన్న గ్యారంటీ లేదు, వాళ్లు ఆరోగ్య పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. అందుకే చివరి రోజు దాకా ఆగకుండా, వార్త తెలిసిన వారంలోనే మెయిల్ పెట్టాలి. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, ప్రీమియం ఆ మేరకు తగ్గింది.

ఇప్పుడు ఆ తేదీ సంగతికి వద్దాం. మన ఉదాహరణలో చేతికొచ్చేది: పన్ను పోగా నోటీసు జీతం సుమారు 2,00,000, గ్రాట్యుటీ 2,42,000, సెలవుల డబ్బు 44,000, బ్యాంకులో ఉన్నది 1,80,000. మొత్తం 6,66,000. పీఎఫ్‌ను ఇందులో కలపలేదు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం కూడా కలపలేదు, వస్తే అది పైన పడుతుంది. ఇందులోంచి 66,000 పక్కన పెడదాం, ఆరోగ్య బీమా ప్రీమియానికీ, ఫ్రిజ్ పాడైతేనో అమ్మకి జ్వరమొస్తేనో వాడటానికీ. మిగిలింది ఆరు లక్షలు.

నెల ఖర్చు: ఫ్లాట్ ఈఎంఐ 34,000, సరుకులూ పాలూ గ్యాసూ 16,000, ఊళ్లో అమ్మానాన్నలకు 10,000, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, కరెంటు, ఫోన్లు 7,500, స్కూలు ఫీజు ఏడాదికి 90,000ను పన్నెండుతో భాగిస్తే 7,500. ఇది 75,000. దీని మీద ఎస్ఐపీ 8,000, బయట తిళ్లూ ఓటీటీలూ 5,000 కలిపి ఇప్పటిదాకా 88,000 అవుతోంది. ఎస్ఐపీని కొన్నాళ్లు ఆపితే నష్టమేమీ లేదు, పెట్టింది అలాగే ఉంటుంది. టర్మ్ పాలసీ ప్రీమియం మాత్రం ఆపకు. గ్రేస్ పీరియడ్ దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది, మళ్లీ తీసుకునేటప్పుడు వయసు పెరిగి ఉంటుంది, కంపెనీ ఇచ్చిన గ్రూపు లైఫ్ కవర్ కూడా ఇప్పుడు లేదు.

ఆరు లక్షలను 88,000తో భాగిస్తే ఆరు నెలల మూడు వారాలు. 75,000తో భాగిస్తే ఎనిమిది నెలలు. ఆఖరి పనిదినం జూన్ 30 అయితే ఫిబ్రవరి నెలాఖరు. పీఎఫ్ ముట్టుకోకుండా, అప్పు చేయకుండా, ఎవరి ముందూ చేయి చాచకుండా ఈ ఇల్లు ఫిబ్రవరి నెలాఖరు దాకా నడుస్తుంది. ఇదేమీ గొప్ప వార్త కాదు. కానీ నిన్న రాత్రి రెండు గంటలకు సీలింగు చూస్తూ ఊహించుకున్నదానికంటే ఇది చాలా దూరంలో ఉంది.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, స్కూలు ఫీజు నెలనెలా రాదు. మన దగ్గర బడి జూన్‌లో మొదలవుతుంది, మొదటి టర్ము ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బస్సు అన్నీ సరిగ్గా ఉద్యోగం పోయిన నెలలోనే ఒక్కసారి పడతాయి. కాబట్టి సగటు ఒక్కటే వేసుకుని ఊరుకోకుండా, ఏ నెలలో ఏం కట్టాలో కాగితం మీద నెలల వారీగా గీయాలి. దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల చదివింపులు కూడా అందులో ఉండాలి. ఎందుకంటే అవి ఎటూ జరుగుతాయి.

మీ అంకెలు దీనికంటే తక్కువ రావచ్చు. సర్వీసు మూడేళ్లే అయితే గ్రాట్యుటీ లేదు, లెక్క అయిదు నెలలు కూడా నిండకుండానే ఆగుతుంది. అప్పుడు బ్యాంకుతో మాట్లాడటం మొదటి నెలలోనే జరగాలి, ఈఎంఐ బౌన్స్ అయ్యాక కాదు. ఒక్క వాయిదా తప్పినా ఆ ఖాతాను గడువు దాటిన ఖాతాగా గుర్తించి సిబిల్‌కు పంపుతారు. తొంభై రోజులు దాటితే మొండి బకాయి అవుతుంది, ఆ తర్వాత బ్యాంకు మాట తీరే మారిపోతుంది. ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పని మనిషి వెళ్లి, టర్మినేషన్ మెయిల్ చూపించి, కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని అడిగితే మేనేజర్ వినే అవకాశం ఎక్కువ. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతాం, నిజమే. అయినా అది క్రెడిట్ కార్డు మీద బతకడం కన్నా చాలా చవక. కార్డులో మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే మిగిలినదాని మీద ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల వడ్డీ పడుతుంది. ఒకవేళ రికవరీ ఏజెంట్ల దాకా వస్తే, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

ఉద్యోగ వేట గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ రెండే సంగతులు. మొదటిది, ఈ వారంలోనే నీకొక ఫోన్ రావచ్చు. "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంటర్వ్యూ మావాళ్లే ఇస్తారు, బ్యాక్‌డోర్‌లో కూర్చోబెడతాం, సగం ఇప్పుడు, సగం ఆఫర్ లెటర్ వచ్చాక." అమీర్‌పేట చుట్టుపక్కల ఈ వ్యాపారం కొత్తది కాదు. డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ చూస్తారు. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో అక్కడ ఉంటుంది. లేని కంపెనీ పేరు రెజ్యూమెలో ఉంటే అక్కడ దొరికిపోతుంది, చేరిన మూడు నెలలకు దొరికినా తీసేస్తారు. అప్పుడది లేఆఫ్ కాదు, మోసం కింద తీసేయడం. ఎనిమిది నెలల గ్యాప్‌ను ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. దీన్ని చెప్పుకోలేం.

రెండోది నీకు కలిసొచ్చేదే, ఓదార్పు కోసం చెప్పేది కాదు. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నోటీసు పీరియడ్ రెండు నెలలు, మూడు నెలలు. ప్రాజెక్టు మొదలైపోయి, చేరతానన్నవాడు చివరి వారంలో ఇంకో ఆఫర్ చూపించి హ్యాండిస్తే, రిక్రూటర్‌కు కావాల్సింది రేపు రాగలిగిన మనిషి. జాబ్ పోర్టళ్లలో వాళ్లు నోటీసు పీరియడ్ మీద ఫిల్టర్ పెట్టే వెతుకుతారు. ప్రొఫైల్‌లో "మూడు నెలలు" అన్నది తీసి "వెంటనే చేరగలను" అని పెట్టగానే, ఇప్పటిదాకా నువ్వు కనిపించని జాబితాల్లో కనిపిస్తావు. దీనికి ఇంకో వైపు ఉంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. పాత జీతం కన్నా తగ్గించి చెప్పి, సాయంత్రంలోగా తేల్చమంటారు. అక్కడే ఆ ఫిబ్రవరి తేదీ పనికొస్తుంది. జూలైలో వచ్చిన తక్కువ ఆఫర్‌కు రెండు రోజులు గడువు అడగడానికి ధైర్యం ఉంటుంది. డిసెంబరులో వచ్చిన అదే ఆఫర్‌కు జవాబు వేరేగా ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు.

"ఎందుకు మానేశారు" అని అడిగితే దాచక్కర్లేదు. "మా యూనిట్‌లో మనుషుల్ని తగ్గించారు, అందులో నేనూ ఉన్నాను, చివరి రోజు ఫలానా" అని చెప్పి ఆగిపో. మేనేజర్ రాజకీయాలు, అప్రైజల్‌లో జరిగిన అన్యాయం అన్నీ నిజమే అయినా అవి ఆ గదిలోకి రాకూడదు.

ఇక ఇంట్లో. పొద్దున్నే బ్యాగు సర్దుకుని బయల్దేరి, సాయంత్రం దాకా ఏ పార్కులోనో మాల్‌లోనో కూర్చుని వచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. అలా ఎన్ని రోజులు గడిస్తే అన్ని రోజుల ఖర్చు 88,000 లెక్కన నడుస్తుంది, ఎందుకంటే ఇంట్లో తగ్గించుకోవాలని ఎవరికీ తెలియదు. పైగా ఫ్లాట్ లోన్‌లో జీవిత భాగస్వామి కో-అప్లికెంట్ అయితే, బ్యాంకు నుంచి ముందు ఫోన్ వాళ్లకే రావచ్చు. చెప్పేటప్పుడు ఆ నెలల కాగితం పక్కన పెట్టుకుని చెప్పు. "ఉద్యోగం పోయింది" అని ఆగిపోతే తర్వాత ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. "ఉద్యోగం పోయింది, ఫిబ్రవరి దాకా ఇబ్బంది లేదు, ఈ మూడు ఖర్చులు ఆపుదాం" అంటే మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది. ఊళ్లో అమ్మానాన్నలకు పంపే పదివేలు లెక్కలో అలాగే ఉంచింది కూడా అందుకే. అది ఆగితే చెప్పకుండానే తెలిసిపోతుంది, దానికంటే నువ్వే చెప్పడం నయం.

ఇవాళ్టికి పని రెండు మెయిళ్లు. ఒకటి హెచ్ఆర్‌కు, లెక్కంతా అంకెల్లో పంపమని. రెండోది బీమా కంపెనీకి, మైగ్రేషన్ గురించి. షీటు వచ్చాక గ్రాట్యుటీ గడిలో 26 ఉందో 30 ఉందో కలిసి చూద్దాం.